బాస్ తిట్టిన ఎనిమిది మాటల్లో దాచుకోవలసినవి మూడే

విశాఖపట్నంలో తొలి ఉద్యోగం అంటే చాలామందికి పోర్టు బెర్తుల దగ్గరో, స్టీల్‌ప్లాంట్ షాపుల్లోనో, షిప్‌యార్డులోనో, వాటి మీద ఆధారపడి నడిచే ఏజెన్సీ ఆఫీసుల్లోనో మొదలవుతుంది. ఇక్కడ తప్పు ఖరీదు గంటల్లో, టన్నుల్లో, డాలర్లలో వెంటనే తేలిపోతుంది. అందుకే తిట్టు కూడా వెంటనే పడుతుంది. చేరి రెండు నెలలు కాకముందే అందరి ఎదుటా చీవాట్లు తిన్న కుర్రాడికో అమ్మాయికో ఆ రాత్రి నిద్ర పట్టదు. ‘నాకు నిజంగా ఏమీ రాదు. ఏదో పొరపాటున తీసుకున్నారు. ఇవాళో రేపో బండారం బయటపడుతుంది’ అన్న ఆలోచన పట్టుకుంటుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ఇంపోస్టర్ భావన అంటారు. ఆ తిట్టులో పనికొచ్చేది ఎంత, కేవలం గాయపరిచేది ఎంత అన్నది లెక్క కట్టి తేల్చుకోవచ్చు.

1978: ఈ భావనకు పేరు పడిన ఏడాది

అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. చదువులోనూ ఉద్యోగంలోనూ బాగా రాణించిన 150 మందికి పైగా మహిళలతో మాట్లాడిన అనుభవం దానికి ఆధారం. డిగ్రీలున్నా, పదవులున్నా, మెచ్చుకోళ్ళున్నా వాళ్ళలో చాలామంది తమ విజయాన్ని అదృష్టం ఖాతాలోనో, ఎదుటివారి పొరపాటు ఖాతాలోనో వేసుకున్నారు. ఎన్ని రుజువులు చూపినా నమ్మకం మారలేదు. ఆ తర్వాతి పరిశోధనలు మగవాళ్ళలోనూ ఇది ఉందని తేల్చాయి.

క్లాన్స్ 1985లో దీనికో కొలబద్ద తయారుచేశారు. మొత్తం 20 వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు మనమే వేసుకోవాలి. 40 లోపు వస్తే ఈ భావన స్వల్పం, 41 నుంచి 60 అయితే ఓ మోస్తరు, 61 నుంచి 80 అయితే తరచుగా వేధిస్తున్నట్టు, 80 దాటితే తీవ్రం. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. మనసు ఏ స్థితిలో ఉందో చూసుకునే సాధనం మాత్రమే.

ఇది ఎంతమందిలో ఉంటుంది? 2020లో వచ్చిన ఒక సమీక్ష 62 అధ్యయనాలను, వాటిలోని 14,161 మంది వివరాలను పరిశీలించింది. జవాబు 9 శాతం నుంచి 82 శాతం వరకూ వచ్చింది. ఏ కొలబద్ద వాడారు, ఎన్ని మార్కుల దగ్గర గీత గీశారు అన్నదాన్ని బట్టి అంత తేడా. కాబట్టి ‘నూటికి ఇంతమందికి ఉంటుంది’ అని ఎవరైనా ఒకే అంకె చెబితే దాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. అయితే ఇది అరుదైన సంగతి కాదని మాత్రం అన్ని అధ్యయనాలూ ఒప్పుకుంటున్నాయి.

తొలి ఉద్యోగంలో ఇంకో చిక్కు ఉంది. కొత్తగా చేరినవారికి నిజంగానే కొన్ని పనులు రావు. పని రాకపోవడం వేరు, అర్హత లేదనుకోవడం వేరు. రాని పని నేర్చుకుంటే ఆ లోటు తీరుతుంది. ఇంపోస్టర్ భావన మాత్రం పని వచ్చాక కూడా కదలదు. తిట్టు తిన్న రోజున ఈ రెండూ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. వాటిని విడదీయాలంటే తిట్టును వాక్యాలుగా విడగొట్టి చూడాలి.

3,000 డాలర్ల తప్పు, 8 వాక్యాల తిట్టు

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఎవరి కథా కాదు, లెక్క కోసం కల్పించుకున్నది. కోకింగ్ కోల్ తెచ్చిన ఓడ ఒకటి విశాఖలో సరుకు దించింది. సరుకు తీసుకునే కంపెనీ తరఫున కొత్త ట్రైనీ ఒకడు లేటైమ్ లెక్క వేశాడు. ఒప్పందం ప్రకారం సరుకు దించడానికి ఇచ్చిన గడువే లేటైమ్. అది దాటితే ఓడ యజమానికి డెమరేజ్ కట్టాలి. గడువు 72 గంటలు, డెమరేజ్ రోజుకు 12,000 డాలర్లు అనుకుందాం. అంటే గంటకు 500.

దింపుడు మొదలు నుంచి చివరి దాకా 81 గంటలు పట్టింది. ట్రైనీ 81 లోంచి 72 తీసేసి 9 గంటలకు 4,500 డాలర్లు అని రాశాడు. కానీ రెండో రోజు వానవల్ల 6 గంటలు పని ఆగింది. ఒప్పందంలో ‘వెదర్ వర్కింగ్’ అన్న షరతు ఉంది కాబట్టి ఆ 6 గంటలు గడువులోకి రావు. అసలు మించినది 3 గంటలే, కట్టవలసింది 1,500 డాలర్లే. ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే కంపెనీ 3,000 డాలర్లు ఎక్కువ కట్టేది. తప్పు నిజం, చిన్నదీ కాదు.

మేనేజర్ హాల్లో అందరి ముందూ ఇలా విరుచుకుపడ్డాడు: ‘ఏటయ్యా ఈ లెక్క? వాన పడిన ఆరు గంటలు ఎందుకు తియ్యలేదు? స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ చదవకుండానే వేసేశావా? నీకు డిగ్రీ ఎవడిచ్చాడు? మీ ఊరి చదువులు ఇంతే. కాంట్రాక్టులో వెదర్ షరతు ఉందో లేదో ముందు చూసుకోవాలని తెలీదా? నీలాంటోళ్ళు పోర్టుకి పనికిరారు. ఇంకోసారి ఇలా చేస్తే సర్టిఫికెట్ కూడా ఇవ్వను.’

మొత్తం ఎనిమిది వాక్యాలు. ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: దీన్ని విన్నాక రేపు నేను చెయ్యగలిగిన పని ఏదైనా తేలిందా? రెండోది, మూడోది, ఆరోది ఆ పరీక్షలో నెగ్గుతాయి. మొదటిది కోపం. నాలుగు, అయిదు, ఏడు మనిషి మీద తీర్పులు. ఎనిమిదోది బెదిరింపు. అంటే ఎనిమిదిలో మూడు. ఆ మూడింటిని నోట్‌బుక్‌లో పనులుగా తిరగరాసుకోవాలి: లెక్క మొదలుపెట్టే ముందు ఓడరేవులో జరిగింది గంటల వారీగా నమోదయ్యే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ పూర్తిగా చదవాలి, పని ఆగిన గంటలను విడిగా గుర్తించాలి, ఒప్పందంలో వాన షరతు చూసుకోవాలి.

రాసుకుంటున్నప్పుడే తిట్టులో లేని విషయం ఒకటి బయటపడుతుంది. వాన గడువు ముగిశాక పడి ఉంటే? సాధారణ నియమం ప్రకారం డెమరేజ్ మొదలయ్యాక వాన గంటలు తీసెయ్యరు; ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. మేనేజర్ ఇది చెప్పలేదు. ఆ ట్రైనీ ‘వాన గంటలన్నీ తీసెయ్యాలి’ అని గుడ్డిగా నేర్చుకుంటే వచ్చే నెల ఇంకో తప్పు చేస్తాడు. మర్నాడు వెళ్ళి ‘సార్, గడువు అయిపోయాక పడిన వానకి ఎలా చెయ్యాలి?’ అని అడగడమే ఆ తిట్టులోంచి రాబట్టగలిగిన పూర్తి లాభం.

మిగతా అయిదు వాక్యాలు ఏం చేస్తాయి?

కొత్తవాళ్ళు గట్టిపడాలంటే తిట్లు తినాలన్నది మన ఆఫీసుల్లో పాత నమ్మకం. అంకెలు దాన్ని సమర్థించవు. 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు పనితీరుపై చెప్పే మాటల ప్రభావం మీద అప్పటిదాకా జరిగిన ఎన్నో ప్రయోగాలను కూర్చి లెక్క కట్టారు. 607 ఫలితాలు, 23,663 పరిశీలనలు. సగటున చూస్తే అలా చెప్పడం వల్ల పని మెరుగుపడింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో చెప్పాక పని ఇంకా దిగజారింది. వాళ్ళిచ్చిన వివరణ ఇది: మాట పని వైపు చూపిస్తే ఉపయోగం పెరుగుతుంది, ‘నేనెలాంటి వాణ్ణి’ అన్న ప్రశ్న వైపు తిప్పితే తగ్గుతుంది. తిట్టుకే కాదు, పొగడ్తకు కూడా ఇది కొంత వర్తిస్తుంది.

రాబర్ట్ బేరన్ 1988లో ప్రచురించిన ప్రయోగాల్లో మరింత సూటిగా తేలింది. ఒక పని చేశాక కొందరికి మర్యాదగా, ఫలానా చోట ఫలానా లోపమని చెప్పారు. కొందరిని బెదిరింపుతో, మనిషిదే లోపమన్నట్టు విమర్శించారు. రెండో రకం విన్నవాళ్ళు ఆ తర్వాత ఇచ్చిన మరో రెండు పనుల్లోనూ తక్కువ లక్ష్యాలు పెట్టుకున్నారు, తమ మీద తమకు నమ్మకం తగ్గిందని చెప్పారు. మన ట్రైనీ లేటైమ్ దగ్గర తిట్టు తిని, మర్నాడు మామూలు ఈమెయిల్ పంపడానికీ నాలుగుసార్లు చూసుకోవడంలో వింతేమీ లేదు. ‘పోర్టుకి పనికిరారు’ అన్న మాట లెక్కతో ఆగదు, ప్రతి పనికీ పాకుతుంది.

గట్టిగా అరవడమే క్రూరత్వమా?

కాదు. కరిగిన ఉక్కు లాడిల్ కదులుతున్నప్పుడు దాని కింద నిలబడినవాణ్ణి ‘వెనక్కి రా!’ అని గద్దించకపోతేనే నేరం. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయిన ఊరు ఇది. ఇక్కడ ప్రమాదం దగ్గర సున్నితంగా మాట్లాడే వ్యవధి ఉండదు. ఆ అరుపు ప్రమాదంతో మొదలై ప్రమాదంతో ముగుస్తుంది. తర్వాత ఏం తప్పు జరిగిందో చెబుతారు, అడిగితే జవాబిస్తారు. క్రూరత్వం ప్రమాదం పోయాక, జనం చేరాక మొదలవుతుంది. అది చల్లగా కూడా రావచ్చు: ‘పోన్లేమ్మా, ఇది నీ వల్ల అయ్యే పని కాదులే.’ గొంతు మెత్తనైనా అందులో పని లేదు.

ప్రశ్న అడగగలమా లేమా అన్నదే ముఖ్యమైన గుర్తు. ఆమీ ఎడ్మండ్‌సన్ 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాలను పరిశీలించారు. తప్పు ఒప్పుకున్నా, సందేహం అడిగినా పరువు పోదన్న నమ్మకం ఉన్న బృందాలే ఎక్కువ నేర్చుకున్నాయి. భయపడ్డ ట్రైనీ తప్పు చేయడం మానడు, చెప్పడం మానేస్తాడు. యంత్రాల మధ్య అది మిగతావాళ్ళకీ ముప్పే.

ఒకసారా, అలవాటా?

ఒక్క రోజు తిట్టును బట్టి బాస్‌ను క్రూరుడని తేల్చెయ్యకూడదు. తేదీ, అన్న మాట, ఎవరి ముందు, ఏ తప్పుకు అన్నవి కొన్ని వారాలు రాసుకుంటూ పోవాలి. పని సరిదిద్దుకున్నాక ఆ విషయంలో మాటలు తగ్గితే అది కటువైన శిక్షణ. పని బాగుపడినా మనిషి మీద మాటలు అలాగే సాగితే తప్పు ఒక సాకు మాత్రమే. అప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకుని హెచ్‌ఆర్ దగ్గరికో, నమ్మకమున్న సీనియర్ దగ్గరికో వెళ్ళాలి.

కొన్ని మాటలకు వారాలు ఆగనక్కర్లేదు. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలను నలుగురి దృష్టిలో అవమానిస్తే 1989 చట్టం కింద నేరం. లైంగిక వ్యాఖ్యలైతే 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అప్రెంటిస్‌లకు శిక్షణ ఒప్పందం విషయంలో యాజమాన్యంతో తగాదా వస్తే 1961 చట్టంలోని 20వ సెక్షన్ దాన్ని అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ ముందుకు తీసుకెళ్తుంది. నిద్ర, తిండి చెడిపోతుంటే, బతకాలనిపించకపోతే టెలి మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చెయ్యండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

సీనియర్లకు ఒక విన్నపం. ఎనిమిది వాక్యాలు అనబోయే ముందు ఆ మూడు అనండి, గడువు ముగిశాక పడే వాన సంగతి కూడా చెప్పండి. కంపెనీకి 3,000 డాలర్లు మిగిల్చేవి ఆ మాటలే. కొత్తగా చేరినవారు ఆ మూడింటిని, ఎంత కష్టంగా ఉన్నా, వదులుకోవద్దు. మిగతా అయిదింటికి మీ నోట్‌బుక్‌లో తేదీ వేసి ఉంచండి, మీ మీద తీర్పుగా మాత్రం తీసుకోకండి.