అయోడిన్ ఎక్కువైతే థైరాయిడ్ ఎందుకు మొరాయిస్తుంది?

1986 ఏప్రిల్ నెలాఖరులో పోలండ్ పిల్లలు వరసలో నిలబడి, గ్లాసులో పోసిచ్చిన మందు ముఖం చిట్లించుకుంటూ మింగారు. అది అయోడిన్ కలిపిన ద్రావణం. 26వ తేదీన పొరుగునే ఉన్న సోవియట్ యూనియన్‌లో చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. గాలిలో కొట్టుకొచ్చిన విషాల్లో రేడియోధార్మిక అయోడిన్ కూడా ఉంది. 29న పోలండ్ ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. సుమారు కోటీ ఐదు లక్షల మంది పిల్లలకు, 70 లక్షల మంది పెద్దలకు ఆ మందు అందింది. బడి ఈడు పిల్లలకు 70 మిల్లీగ్రాములు, ఐదేళ్ల లోపు వాళ్లకు 50, పురిటి బిడ్డలకు 15.

పెద్ద మనిషికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. అంటే మిల్లీగ్రాములో ఏడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ లెక్కన 70 మిల్లీగ్రాములంటే ఏడాది పైచిలుకు సరిపోయే అయోడిన్‌ను ఒక్క గుక్కలో తాగించినట్టు. రేడియోధార్మిక అయోడిన్ లోపలికి చొరబడకుండా థైరాయిడ్‌ను కొన్నాళ్లు స్తంభింపజేయాలన్నది వాళ్ల ఎత్తు. అయోడిన్ కోసమే బతికే గ్రంథిని అయోడిన్‌తోనే ఆపడం ఎలా కుదిరిందన్నది తెలియాలంటే ముందు అది అయోడిన్‌ను ఎలా పట్టుకుంటుందో చూడాలి.

మన ఒంట్లో మొత్తం కలిపి ఉండే అయోడిన్ 15 నుంచి 20 మిల్లీగ్రాములు. అందులో ముప్పాతిక వంతు, మెడ ముందు భాగంలో ఉండే ఈ చిన్న గ్రంథిలోనే ఉంటుంది. రక్తంలో అయోడైడ్ రూపంలో తిరిగేది అతి స్వల్పం. థైరాయిడ్ కణంలో మాత్రం అది రక్తంలో కన్నా 20 నుంచి 40 రెట్లు చిక్కగా ఉంటుంది. తక్కువ ఉన్నచోటి నుంచి ఎక్కువ ఉన్నచోటికి ఏ పదార్థమూ తనంతట తాను పోదు. ఎవరో ఒకరు లాగాలి. ఇక్కడ లాగేది సోడియం. కణం తన శక్తిని ఖర్చుపెట్టి సోడియాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంటుంది. బయట పోగుపడిన సోడియం మళ్లీ లోపలికి రావాలని ఒత్తిడి చేస్తుంటుంది. రక్తం వైపున్న కణం గోడలో దాని కోసం ఒక ప్రోటీన్ ద్వారం ఉంది. తిరునాళ్ల గుంపులో ఇద్దరు పెద్దలు చెరో చెయ్యి పట్టుకుని పిల్లాణ్ణి గేటు దాటించినట్టు, రెండు సోడియం అయాన్లు ఒక అయోడైడ్‌ను వెంటబెట్టుకుని లోపలికి వస్తాయి. ఈ ద్వారాన్ని తయారుచేసే జన్యువును 1996లో నాన్సీ కరాస్కో బృందం పట్టుకుంది. ఇది మామూలు అయోడిన్‌కీ, రేడియోధార్మిక అయోడిన్‌కీ తేడా చూడలేదు. చెర్నోబిల్ భయమంతా అక్కడే.

లోపలికి వచ్చిన అయోడైడ్ కణం దాటి అవతలి వైపు పోతుంది. అక్కడ థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్ జిగురులా నిల్వ ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో ఒక ఎంజైమ్ అయోడిన్‌ను ఈ ప్రోటీన్‌కు అతికిస్తుంది. అలా అతికిన ముక్కలు జంటలుగా కలిస్తే నాలుగు అయోడిన్లున్న టీ4, మూడున్న టీ3 హార్మోన్లు తయారవుతాయి. గ్రంథి వీటిని ఏ పూటకా పూట ఖర్చుపెట్టదు. వారాల తరబడి సరిపోయేంత నిల్వ ఉంచుకుంటుంది. ఈ నిల్వ సంగతి గుర్తుంచుకోండి, పసిబిడ్డల విషయంలో పనికొస్తుంది.

1948లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని బర్క్‌లీ ప్రాంగణంలో యాన్ వోల్ఫ్, ఇజ్రాయెల్ చైకాఫ్ ఎలుకలకు అయోడైడ్ మోతాదు పెంచుతూ పోయారు. ముడిసరుకు పెరిగితే తయారీ పెరగాలి కదా. కానీ రక్తంలో అయోడైడ్ ఒక హద్దు దాటగానే, ప్రోటీన్‌కు అతికించే పని దాదాపు ఆగిపోయింది. రక్తంలో అది తగ్గితే మళ్లీ మొదలైంది. దీన్నే వోల్ఫ్–చైకాఫ్ ప్రభావం అంటున్నారు. కణంలో అయోడైడ్ మరీ పేరుకుపోయినప్పుడు అది కొన్ని కొవ్వు పదార్థాలతో కలుస్తుందనీ, అలా పుట్టిన సమ్మేళనాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారీని తగ్గిస్తాయనీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పెరాక్సైడ్ లేకపోతే అతికింపు లేదు.

మరుసటి ఏడాది వాళ్లు ఇంకో విశేషం గమనించారు. అయోడిన్ అలాగే పోస్తూనే ఉన్నా, సుమారు రెండు రోజుల్లో ఎలుకల థైరాయిడ్ మళ్లీ పని అందుకుంది. ఎందుకో తేలడానికి దశాబ్దాలు పట్టింది. గ్రంథి ఇందాకటి ద్వారాల సంఖ్యనే తగ్గించుకుంటుంది. దాంతో కణం లోపలి అయోడైడ్ హద్దు కిందికి దిగుతుంది, తయారీ సాగుతుంది. నా దృష్టిలో అసలు తెలివి ఈ రెండో అడుగులో ఉంది. మొదటిది అత్యవసరంగా వేసే బ్రేకు మాత్రమే. ఆరోగ్యవంతులకు ఈ రెండు రోజుల ఆటంకం తెలియను కూడా తెలియదు. నిల్వ ఉంది కదా.

అందరి గ్రంథీ ఈ రెండో అడుగు వేయలేదు. హషిమోటో వ్యాధి ఉన్నవాళ్లలో, అంటే సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీస్తున్నవాళ్లలో, అది తడబడుతుంది. గర్భస్థ శిశువుల్లో ఆ నేర్పు నెలలు నిండే దాకా కుదురుకోదు. పైగా పసిబిడ్డల గ్రంథిలో నిల్వ బాగా తక్కువ. పెద్దలకు రెండు రోజుల సెలవు లాంటిది వాళ్లకు హార్మోన్ కొరతగా మారొచ్చు.

పోలండ్‌లో ఏమైందో 1993లో వెలువడిన వ్యాసంలో ఉంది. రాసిన ఇద్దరిలో ఒకరు యానుష్ నౌమన్, రెండోవారు మన యాన్ వోల్ఫే. పరీక్షించిన 3214 మంది నవజాత శిశువుల్లో 12 మందికి టీఎస్‌హెచ్ పెరిగి, టీ4 తగ్గింది. వెయ్యికి నలుగురు కూడా కాదు. అదీ తాత్కాలికమే. రేడియోధార్మిక అయోడిన్ ముప్పుతో పోలిస్తే ఈ బేరం గిట్టుబాటే అనిపిస్తుంది. అయితే ఆ గిట్టుబాటు ఒక్క మోతాదుకే. రోజూ పోస్తే లెక్క మారిపోతుంది.

మన ఇళ్ల సంగతికొస్తే, వంటింటి ఉప్పును అనుమానించనక్కర్లేదు. కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న ఉప్పు పది గ్రాములు తింటే వచ్చేది 150 మైక్రోగ్రాములే. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్‌ను తగ్గించవచ్చని చూపే ప్రయోగం మొదలుపెట్టిన వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టినవారే. అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. థైరాయిడ్‌కు మంచిదని అమ్మే సముద్రపు నాచు మాత్రలు, అయోడిన్ చుక్కలు వాటిలో మొదటివి. సీసా మీద మైక్రోగ్రాములని ఉందో, మిల్లీగ్రాములని ఉందో చదవండి, మధ్యలో తేడా వెయ్యి రెట్లు. “థైరాయిడ్ ఉంది, అయోడిన్ ఎక్కువ తీసుకుంటే తగ్గుతుంది” అనుకునేవాళ్లకు ఉన్నది హషిమోటో అయితే, అది ఉన్న మంట మీద ఇంకాస్త వేసినట్టే.

రెండోది గాయాలకు పూసే పొవిడోన్ అయోడిన్. పది శాతం ద్రావణం ఒక్క మిల్లీలీటరులో పది మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. నెలలు నిండని బిడ్డ చర్మం పలచన, పూసింది రక్తంలోకి ఇంకుతుంది. అలాంటి బిడ్డకు టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తే, పుట్టుకతోనే థైరాయిడ్ లోపం అని తేల్చేముందు ఒంటికి, బొడ్డుకు ఏం పూశారని డాక్టర్లు అడుగుతారు. పూయడం ఆపేసి మళ్లీ పరీక్షిస్తే చాలాసార్లు తేడా కనిపిస్తుంది. అయితే అంతవరకూ హార్మోన్ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లే నిర్ణయించాలి, ఎందుకంటే ఎదిగే మెదడు ఎదురుచూడదు.

మూడోది గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అమియోడరోన్. 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాములు అయోడినే. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత సుమారు ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. అది పెరిగినంత మాత్రాన గుండె మందును ఆపేయరు. ఒంట్లోని కొవ్వులో దాక్కున్న ఆ మందు ఆపినా నెలల తరబడి పోదు, గుండెకేమో అది కావాలి. మాత్ర కొనసాగిస్తూనే పక్కన థైరాక్సిన్ రాసిస్తారు.