ఆ చుక్కను తీసేసే ముందు

గణాంక సలహాదారు దగ్గరకు తరచూ వచ్చే విన్నపం ఒకటుంది. "గ్రాఫ్‌లో ఆ ఒక్క చుక్కే ఎక్కడో పైన పడింది సార్. దాన్ని తీసేయండి, గీత చక్కగా కుదురుతుంది." అడిగేవారిలో మోసబుద్ధి ఉండదు. చుక్కల మధ్యగా గీసిన గీతే నిజమనీ, దానికి లొంగని చుక్క ఏదో పొరపాటనీ వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు. అలాంటివారికి నేను తీసేస్తాననీ చెప్పను, తీయననీ చెప్పను. ముందు ఆ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో అడుగుతాను. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో 2000 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా ఓట్ల లెక్క చూస్తే తెలుస్తుంది.

ఫ్లోరిడాలో 67 కౌంటీలున్నాయి. ఒక్కో కౌంటీకి ఒక్కో చుక్క పెడదాం. అడ్డంగా జార్జ్ బుష్‌కు వచ్చిన ఓట్లు, నిలువుగా రిఫార్మ్ పార్టీ అభ్యర్థి పాట్ బుకానన్‌కు వచ్చిన ఓట్లు. జనం ఎక్కువున్న కౌంటీలో ఇద్దరికీ ఎక్కువ ఓట్లు పడతాయి కాబట్టి చుక్కలు ఏటవాలుగా పైకి వెళ్తాయి. పామ్ బీచ్ ఒక్కటే ఆ వరుసను వదిలేసి పైకి ఎగిరిపోయింది. అక్కడ బుకానన్‌కు 3,400 పైచిలుకు ఓట్లు వచ్చాయి. మిగతా 66 కౌంటీల్లో ఎక్కడా ఆయనకు 1,100 కూడా దాటలేదు.

గీత చుక్కలకు ఎంత దగ్గరగా నడుస్తోందో చెప్పే కొలతను ఆర్-స్క్వేర్ అంటారు. అది ఒకటికి చేరువైనకొద్దీ గీత బాగా కుదిరినట్టు. మొత్తం 67 చుక్కలతో గీస్తే అది సుమారు 0.39. పామ్ బీచ్‌ను పక్కన పెడితే 0.75కు పెరుగుతుంది. క్లయింటు కోరేది ఈ రెండో అంకెనే. కానీ దాన్ని చూసి సంతోషించి ఆగిపోతే అసలు కథ చేజారిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. దూరంగా ఉన్న చుక్క గీతను తనవైపు లాక్కుంటుంది. అలా లాగిన గీత నుంచే దాని దూరం కొలిస్తే, ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అందుకే పామ్ బీచ్‌ను కాసేపు పక్కన పెట్టి, మిగతా 66 కౌంటీలతో గీత గీసి, ఆ గీత పామ్ బీచ్‌కు ఎన్ని ఓట్లు ఊహిస్తుందో చూడాలి. అది చెప్పేది 600 దరిదాపుల్లో. లెక్క కోసం చుక్కను పక్కన పెట్టడం సరైన పనే. అది అసలు లేనట్టు రిపోర్టు రాయడం మాత్రం తప్పు.

మరి మిగిలిన 2,800 ఓట్లు ఎక్కడివి? అంకె ఎక్కించడంలో పొరపాటైతే దిద్ది ముందుకు వెళ్లేవాళ్లం. ఇక్కడ ఆ పొరపాటు లేదు. తేడా బ్యాలెట్ పత్రంలో ఉంది. పామ్ బీచ్‌లో అభ్యర్థుల పేర్లను రెండు ఎదురెదురు పేజీల్లో అచ్చువేసి, రంధ్రం పొడిచే చోట్లను మధ్యలో ఒకే వరుసగా పెట్టారు. ఎడమ పేజీలో బుష్ కింద ఆల్ గోర్ పేరు రెండోది. కానీ మధ్య వరుసలో రెండో రంధ్రం కుడి పేజీలోని బుకానన్‌ది. గోర్‌ది మూడోది.

ఇది కేవలం ఊహ కాదనడానికి గట్టి సాక్ష్యం అదే కౌంటీలో దొరికింది. పోలింగ్ కేంద్రానికి రాకుండా పోస్టులో ఓటేసినవాళ్లకు ఈ రెండు పేజీల పత్రం ఇవ్వలేదు. రాజకీయ శాస్త్ర పరిశోధకులు ఆ ఓట్లను విడిగా లెక్కిస్తే, బుకానన్ వాటా పోలింగ్ రోజు ఓట్లలోని వాటాకు దాదాపు నాలుగో వంతే ఉంది. కౌంటీ ఒకటే, పత్రం మారింది, ఓటూ మారింది. రాష్ట్రం మొత్తమ్మీద గోర్‌పై బుష్ గెలిచింది 537 ఓట్లతో. గీతను పాడుచేస్తోందని ఆ చుక్కను చెరిపేసి ఉంటే, ఆ ఎన్నికల్లో అతి ముఖ్యమైన సమాచారం చెత్తబుట్టలో పడేది.

ప్రతి వింత చుక్క వెనకా ఇంత కథ ఉండదు. కొన్నిసార్లు తూకం యంత్రం చెడి ఉంటుంది, లేదా దశాంశ బిందువు జారి ఉంటుంది. అసలు రికార్డు చూసి అది రుజువైతే ఆ చుక్కను దిద్దవచ్చు, కుదరకపోతే తీసేయవచ్చు. కారణాన్ని మాత్రం రాతలో పెట్టాలి. ఎంత వెతికినా కారణం దొరకకపోతే చుక్క ఉండాల్సిందే. అప్పుడు ఏ ఒక్క చుక్కా గీతను అతిగా లాగకుండా, దూరపు చుక్కలకు తక్కువ బరువిచ్చే పద్ధతులతో మరో గీత గీయవచ్చు.

కాబట్టి క్లయింటుకు నేను పంపే జవాబు ఇలా ఉంటుంది: "చుక్కతో ఒక గీత, చుక్క లేకుండా ఒక గీత, రెండూ ఒకే గ్రాఫ్‌లో ఇస్తున్నాను. మీ నిర్ణయం రెండింటిలోనూ ఒకటే అయితే చుక్క గురించి బెంగ అక్కర్లేదు. మారిపోతే, మీ నిర్ణయం ఆ ఒక్క కొలత మీదే నిలబడి ఉందని మీ పైవాళ్లకు తెలియాలి. ఆ కొలత తీసుకున్న రోజు రికార్డు పుస్తకం పంపండి. వీలైతే అదే చోట మరోసారి కొలిపించండి."