పది సెకన్ల కోతే ఫ్రిజ్‌కు గండం

మే నెల సాయంత్రం అశోక్ నగర్ హాస్టల్ సందుల్లో ఏసీలు, కూలర్లు, గ్రైండర్లు అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఒకప్పటి ఇళ్లు అపార్ట్‌మెంట్లయిన చోటా అదే వరస. ట్యూబులైటు వెలుగు తగ్గుతుంది. ఓ క్షణం కరెంటు పోయి, మనం టార్చి వెతికేలోపే తిరిగొస్తుంది. ‘హమ్మయ్య, వచ్చేసింది’ అనుకుంటాం. ఫ్రిజ్‌కు మాత్రం అసలు గండం అప్పుడే.

రెండు గంటలు పోయిన కరెంటుకు భయపడి ప్లగ్గు పీకేవాళ్లు చాలామందే ఉన్నారు. పది సెకన్లు పోయిన కరెంటును పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి కంప్రెసర్‌ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ రెండోదే.

ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు కంప్రెసర్ ఒకవైపు నుంచి గ్యాసును పీల్చి, రెండోవైపుకు ఎన్నో రెట్ల పీడనంతో నెడుతుంది. ఈ రెండు వైపుల మధ్య ఉన్న దారి కేపిలరీ ట్యూబు ఒక్కటే. దాని రంధ్రం సాధారణంగా మిల్లీమీటరు కూడా ఉండదు. కరెంటు పోగానే పీడనం ఆ సన్నని దారిలోంచే మెల్లగా సర్దుకోవాలి, అందుకు మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. అంతకుముందే కరెంటు వస్తే మోటారు ఆ ఒత్తిడికి ఎదురు తిరగాల్సి వస్తుంది. మామూలు కంప్రెసర్‌కు అంత సత్తువ లేదు. తిరగలేక ఆగిపోయిన మోటారు, మామూలుగా లాగే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతూ వేడెక్కిపోతుంది.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. చాలా ఫ్రిజ్‌లలో మోటారును లేపేది చిన్న బిళ్ల లాంటి పీటీసీ రిలే. చల్లగా ఉంటేనే అది స్టార్టింగ్ వైండింగ్‌కు కరెంటు పంపుతుంది, వేడెక్కితే దాదాపు ఆపేస్తుంది. ఇప్పటిదాకా నడిచిన ఫ్రిజ్‌లో అది వేడిగానే ఉంటుంది కాబట్టి పీడనం సర్దుకున్నా రిలే చల్లారేదాకా మోటారు లేవదు.

ఈ తతంగమంతా చెవికి తెలుస్తుంది. ఫ్రిజ్ వెనక నాలుగైదు సెకన్లు బరువైన గుర్రుమనే మోత, తర్వాత ‘టక్’. ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ కరెంటు కోసిందన్నమాట. కాసేపటికి మళ్లీ మోత, మళ్లీ టక్. లోపల బల్బు వెలుగుతుంటుంది కాబట్టి ఫ్రిజ్ బాగానే ఉందనుకుంటాం. ఇలా ఏళ్ల తరబడి సాగితే వైండింగ్ మీది ఇన్సులేషన్ మాడుతుంది.

లో వోల్టేజీ తోడైతే కష్టం రెట్టింపవుతుంది. మన సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు. ఆరు శాతం హెచ్చుతగ్గులు, అంటే సుమారు 216 నుంచి 244 దాకా, మామూలే. సాయంత్రం రద్దీకి అది 180కి దిగిందనుకుందాం. మోటారు లేచే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 180ని 230తో భాగించి వర్గం చేస్తే 0.61 వస్తుంది. వోల్టేజీ తగ్గింది 22 శాతమే, బలం మాత్రం 39 శాతం పోయింది. పీడనం సర్దుకున్నాక కూడా అలాంటి మోటారు మొండికేస్తే ఆశ్చర్యమేముంది?

ఈ రెండు ఇబ్బందులకూ స్టెబిలైజర్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగులు మార్చి వోల్టేజీని పెంచుతుంది, తగ్గిస్తుంది. వోల్టేజీ తన హద్దు దాటితే కరెంటు కోసేస్తుంది. స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగినప్పుడు మన ఇంటికి 300 వోల్టులు పైగా రావచ్చు, అప్పుడు ఈ కోతే ఫ్రిజ్‌ను కాపాడేది. రెండోది టైమ్ డిలే. కరెంటు వచ్చినా దాదాపు మూడు నిమిషాలు ఫ్రిజ్‌కు ఇవ్వదు. కొన్ని రకాల్లో ఈ వ్యవధిని కొద్ది సెకన్లకు తగ్గించే స్విచ్చు వెనక ఉంటుంది. బిగించేవాళ్లు ‘వెంటనే ఆన్ అవ్వాలి’ అని దాన్ని తక్కువలో పెట్టి పోతుంటారు. నా ఉద్దేశంలో స్టెబిలైజర్ కొన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది అదే. పరీక్ష తేలిక: ఫ్రిజ్ నడుస్తుండగా స్టెబిలైజర్ ప్లగ్గు తీసి మళ్లీ పెట్టి, ఎంతసేపటికి అది ఫ్రిజ్‌కు కరెంటు ఇస్తుందో గడియారం చూసి లెక్కపెట్టండి. క్షణాల్లోనే ఇస్తే వెంటనే ఫ్రిజ్ స్విచ్ ఆపేసి, స్టెబిలైజర్ వెనక స్విచ్చును ఎక్కువ వ్యవధికి మార్చండి.

ఇన్వర్టర్ కంప్రెసర్ ఫ్రిజ్‌ల కథ వేరు. వాటి మోటారును ఎలక్ట్రానిక్ బోర్డు నెమ్మదిగా లేపుతుంది, ఆలస్యాన్నీ అదే చూసుకుంటుంది. స్టెబిలైజర్ అక్కర్లేదని కంపెనీ రాస్తే, ఎంత నుంచి ఎంత వోల్టుల దాకానో కూడా చదవండి. ఆ హద్దు దాటితే పోయేది బోర్డు, దాని ఖరీదు రిలేలా చిన్నది కాదు.

స్టెబిలైజర్ లేనివాళ్లు కరెంటు పోగానే ఫ్రిజ్ స్విచ్ ఆపి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి వేయండి. తలుపు తీయకపోతే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది, అయిదు నిమిషాలకు పాలు విరగవు. అప్పటికీ టక్ టక్‌లు ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ కొలిపించండి. తక్కువుంటే విద్యుత్ సంస్థ 1912 నంబరుకు ఫిర్యాదు చేయండి. సరిగానే ఉంటే మెకానిక్‌ను పిలిచి, కంప్రెసర్ మార్చాలని తేల్చేముందు రిలే, ఓవర్‌లోడ్ చూడమనండి.