తిప్పిన వరుసలో అతి చిన్న సంఖ్య: కుడి చివరతో పోల్చే పద్ధతి

చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చిన సంఖ్యల వరుసను ఒకచోట విరిచి, వెనుక ముక్కను తెచ్చి ముందు పెడితే దాన్ని తిప్పిన అర్రే అంటారు. అందులో రెండు ముక్కలూ విడివిడిగా ఎక్కే క్రమంలోనే ఉంటాయి. అవి కలిసే చోట మాత్రం విలువ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిపోయిన చోట ఉన్నదే మొత్తంలో అతి చిన్నది.

ఇలాంటి వరుస సర్క్యులర్ బఫర్‌లో సహజంగానే తయారవుతుంది. ఒక చిన్న పరికరం తన రీడింగులను, వాటి సమయంతో సహా, తొమ్మిది గదుల్లో రాసుకుంటోందనుకుందాం. గదులు నిండిపోతే మళ్లీ మొదటి గది నుంచి పాతవాటిపైనే రాస్తుంది. ఏ రెండు రీడింగులకూ ఒకే సమయం ఉండదు. ఏదో ఒక క్షణాన 0 నుంచి 8 వరకు ఉన్న గదుల్లో సమయాలు, సెకన్లలో, ఇలా ఉన్నాయి: 38, 45, 52, 60, 71, 4, 11, 19, 27. వీటిలో అన్నిటికన్నా పాత రీడింగ్ ఎక్కడుందో తెలియాలంటే అతి చిన్న సమయాన్ని పట్టుకోవాలి.

మొదటి నుంచి చివరిదాకా చూసుకుంటూ పోయినా దొరుకుతుంది. కానీ వరుసలో దాగిన క్రమాన్ని వాడుకుంటే ప్రతి అడుగులోనూ దాదాపు సగం గదులను పక్కన పెట్టేయవచ్చు. అందుకు నడిమి విలువను కుడి చివరి విలువతో పోల్చితే చాలు. నడిమిది పెద్దదైతే, ఆ రెండింటి మధ్య ఎక్కడో విలువ పడిపోయిందన్నమాట. అప్పుడు అతి చిన్నది నడిమికి కుడివైపునే ఉంటుంది. నడిమిది చిన్నదైతే, అక్కడి నుంచి చివరిదాకా విరుపు లేదు. ఆ భాగంలో నడిమిదే చిన్నది కనుక, వెతికేది అదే కావాలి, లేదా దానికి ఎడమవైపు ఉండాలి.

```
lo = 0
hi = len(a) - 1
while lo < hi:
    mid = (lo + hi) // 2
    if a[mid] > a[hi]:
        lo = mid + 1
    else:
        hi = mid
print(a[lo])
```

పై సమయాలతో దీన్ని నడిపిస్తే మొదట నడిమి గది 4. అక్కడి 71 కుడి చివరి 27 కన్నా పెద్దది కాబట్టి వెతుకులాట 5 నుంచి 8 వరకు ఉన్న గదులకు కుదించుకుపోతుంది. ఇప్పుడు నడిమి గది 6, విలువ 11. ఇది 27 కన్నా చిన్నది. మిగిలేవి 5, 6 గదులు. వాటిలో నడిమిది 5, అక్కడి 4 తన కుడి పక్కనున్న 11 కన్నా చిన్నది. `lo`, `hi` రెండూ 5 దగ్గర కలుస్తాయి. మూడు పోలికలతో పని అయిపోయింది. పది లక్షల గదులున్నా 20 పోలికలు మించవు.

ప్రోగ్రాం రాసేవాళ్లు తరచుగా తడబడేది `mid`, `mid + 1` ల దగ్గర. నడిమిది కుడి చివరికన్నా పెద్దదైతే, దానికన్నా చిన్నది ఒకటి ఉందని రుజువైనట్టే. కాబట్టి దాన్ని నిశ్చింతగా దాటేయవచ్చు. నడిమిది చిన్నదైనప్పుడు మాత్రం దాన్ని వదలకూడదు. అక్కడ `hi = mid - 1` అని రాస్తే 3, 1, 2 వరుసలో నడుమనున్న 1 చేజారి, జవాబుగా 3 వస్తుంది. అటు `lo = mid` అని రాస్తే 2, 1 అనే రెండంకెల వరుసలోనే లూప్ ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే `lo` ఉన్నచోటే ఉండిపోతుంది. ప్రోగ్రాం జవాబివ్వకుండా నిలిచిపోతే ముందుగా చూడాల్సిన చోటు ఇదే. `lo <= hi` అని రాసినా అంతే: ఒక్క గది మిగిలాక కూడా లూప్ తిరుగుతూనే ఉంటుంది.

ఎడమ చివరతో ఎందుకు పోల్చకూడదు? అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. 3, 4, 5, 1, 2 లో నడిమి 5 ఎడమ చివరి 3 కన్నా పెద్దది. అతి చిన్నది కుడివైపు ఉంది. అసలు తిప్పని 1, 2, 3, 4, 5 లోనూ నడిమి 3 ఎడమ చివరి 1 కన్నా పెద్దదే; కానీ అతి చిన్నది ఎడమ చివరే ఉంది. పోలిక ఫలితం ఒకటే, వెళ్లాల్సిన దిక్కులు వేరు. కుడి చివరతో పోలిస్తే ఈ చిక్కు రాదు: మొదటి వరుసలో 5 కుడి చివరి 2 కన్నా పెద్దది, రెండో వరుసలో 3 కుడి చివరి 5 కన్నా చిన్నది. తిప్పని వరుసకు విడిగా షరతు రాయనక్కర్లేదు. పైగా భాగహారంలో భిన్నాన్ని వదిలేస్తాం కాబట్టి, కనీసం రెండు గదులున్నంతవరకు `mid` ఎప్పుడూ `hi` కన్నా తక్కువే. అంటే ఏ విలువా తనతో తనే పోల్చుకునే పరిస్థితి రాదు. ఎడమ చివరతో అయితే రెండు గదులు మిగిలిన ప్రతిసారీ అదే జరుగుతుంది.

ఈ తర్కమంతా విలువలు వేర్వేరుగా ఉన్నంతవరకే నిలుస్తుంది. 3, 3, 3, 1, 3 లోనూ 3, 1, 3, 3, 3 లోనూ నడిమి, కుడి చివర రెండూ 3 లే. కానీ మొదటిదానిలో 1 నడిమికి కుడివైపు, రెండోదానిలో ఎడమవైపు ఉంది. సమానమని తేలాక ఏ సగాన్ని వదలాలో ఆ పోలిక చెప్పలేదు. అప్పుడు `hi` ని ఒక్క గది మాత్రమే వెనక్కి జరుపుతారు. ఆ విలువ నడిమి గదిలోనూ ఉంది కనుక పోయేదేమీ లేదు గానీ, దాదాపు అన్నీ ఒకే విలువలైన వరుసలో వెతుకులాట మళ్లీ ఒక్కో గదీ చూసుకుంటూ పోయేంత నెమ్మదిస్తుంది.