కన్యాశుల్కం దొరికింది, వేమన తప్పిపోయాడు

తెలుగు పుస్తకాలు అమ్మే ఒక వెబ్‌సైట్ ఉందనుకుందాం. ఒక పాఠకుడు `kanyasulkam` అని వెతికాడు. జాబితాలో ఆ పేరు `kanyashulkam` అని ఉంది. ఒక్క `h` తేడాతో గురజాడ నాటకం దొరకలేదు. ఫిర్యాదు రాగానే, ఒకటి రెండు అక్షరాలు తేడాగా ఉన్నా సరిపోయినట్టే లెక్కించేలా సెర్చ్‌ను మార్చారు. నాటకం పైకి వచ్చింది. అయితే ఆ రోజు నుంచి `vemana` అని వెతికినవాళ్లకు వామన పురాణం ముందు వస్తోంది. `vamana`కూ దానికీ తేడా ఒక్క అక్షరమే మరి. వేమన అంతకుముందు సరిగ్గానే వచ్చేవాడు కాబట్టి ఎవరూ మళ్లీ చూడలేదు.

సెర్చ్‌లో ఒక ప్రశ్న కోసం చేసిన మార్పు అన్ని ప్రశ్నలనూ తాకుతుంది. అందుకే ముందుగా జవాబులు నిర్ణయించిన ప్రశ్నల పట్టిక ఒకటి దగ్గర ఉంచుకుంటారు. దాన్నే గోల్డెన్ సెట్ అంటారు. ఈ పద్ధతికి మూలం 1960ల్లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ చేసిన ప్రయోగాలు. అక్కడ విమానశాస్త్రానికి చెందిన 1,400 పత్రాలు, 225 ప్రశ్నలు తీసుకుని, ఏ ప్రశ్నకు ఏ పత్రం పనికొస్తుందో మనుషులే నిర్ణయించారు.

మన పట్టికలో ఒక్కో వరుస ఇలా ఉంటుంది:

```
vemana | వేమన పద్యాలు | 3
vemana | వామన పురాణం | 0
```

3 అంటే సరిగ్గా అడిగినదే, 0 అంటే సంబంధం లేనిది. ప్రశ్నలను ఊహించి రాయకూడదు, సైట్‌లో జనం నిజంగా వెతికినవాటి నుంచే ఏరాలి. అందరూ అడిగేవాటితో పాటు అరుదుగా అడిగేవీ, తప్పు స్పెల్లింగులూ ఉండాలి. సరిచేసిన ప్రతి ఫిర్యాదూ అందులో ఒక ప్రశ్నగా చేరాలి.

మార్పు చేసిన ప్రతిసారీ పట్టిక మొత్తాన్ని నడిపి, పాత ఫలితాలతో పోలుస్తారు. ఇక్కడే చాలామంది సగటు మార్కును నమ్మి మోసపోతారు. పది ప్రశ్నలు బాగుపడి వేమన ఒక్కటే పాడైతే సగటు పెరిగినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఏ ప్రశ్న ఎంత దిగిందో విడివిడిగా చూడాలి. మొదటి పదింటిలోకి కొత్తగా వచ్చిన పుస్తకానికి ఇంకా మార్కు వేయకపోతే, చాలా లెక్కల్లో అది సున్నా కిందే పోతుంది. మంచి పుస్తకం వచ్చినా మార్పు చెడ్డదిగా తోస్తుంది. ముందు దానికి మార్కు వేసి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి.

మన కథలో మందు సులువే. ఎలాస్టిక్‌సెర్చ్‌లో `AUTO` అమరిక ఆరక్షరాల మాటకే రెండు తేడాలు అనుమతిస్తుంది. దాన్ని `AUTO:8,12` చేస్తే ఎనిమిదక్షరాల లోపు మాటలు అచ్చంగా సరిపోవాలి, ఎనిమిది నుంచి పదకొండు దాకా ఒక్క తేడా చెల్లుతుంది. పదకొండక్షరాల `kanyasulkam` దొరుకుతుంది, `vemana` తన చోటికి వస్తుంది. పట్టిక మళ్లీ నడిపితే రెండూ నిలిచాయో లేదో తెలిసిపోతుంది.

పట్టికకే సరిపోయేలా సెర్చ్‌ను దిద్దుకుంటూ పోతే బయటి ప్రశ్నలు దెబ్బతింటాయి. అందుకే ఐదో వంతు ప్రశ్నలను పక్కన పెట్టి, దిద్దేటప్పుడు వాటి జోలికి పోకండి. సైట్‌లో పెట్టే ముందు మాత్రమే వాటితో పరీక్షించండి.