డాలస్‌కు ఎనిమిది, మనకు ఆరున్నరా ఏడున్నరా?

మా వదిన విజయవాడ నుంచి వంటల పేజీ నడుపుతుంది. చూసేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో డాలస్, లండన్, మెల్‌బోర్న్‌లలో కలిపి దాదాపు అంతమంది ఉన్నారు. ప్రతి శనివారం పొద్దున ఏడున్నరకు కొత్త వంట పడాలి. మనవాళ్లు కాఫీ తాగుతూ చూస్తారు. డాలస్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి ఎనిమిది, అన్నాలు తిని సోఫాలో కూర్చునే వేళ. మెల్‌బోర్న్‌లో శనివారం మధ్యాహ్నం ఒంటిగంట. ఒకే పోస్టు మూడు చోట్లా సరిగ్గా పడుతోందని ఆవిడ మురిసిపోయేది.

2025 మార్చి రెండోవారంలో డాలస్ వాళ్ల చూపులు తగ్గాయి. వంటలో లోపమేమో అని ఆవిడ రెండు రోజులు మథనపడింది. లోపం గడియారానిది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. ఆ ఏడు అది 9వ తేదీన వచ్చింది. మన ఏడున్నర వాళ్లకి తొమ్మిదైంది, పిల్లల్ని పడుకోబెట్టే వేళ.

అందరూ ఒకేసారి జరిపితే ఇంత గొడవ ఉండదు. లండన్ మార్చి ఆఖరి ఆదివారం, అంటే ఆ ఏడు 30న జరిపింది. మెల్‌బోర్న్‌ది దక్షిణార్ధగోళం కదా, ఏప్రిల్ 6న వెనక్కి జరిపింది. మనమూ దుబాయ్ అసలు కదలం. అమెరికాలోనే ఆరిజోనాలో చాలాభాగం కదలదు. అంచేత మార్చి 9 నుంచి ఏప్రిల్ 6 దాకా ఊళ్ల మధ్య తేడా మూడుసార్లు మారింది. అక్టోబరు, నవంబరుల్లో ఇదే తంతు తిరగబడి వస్తుంది.

కనక ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ పోస్టు ఏ ఊరి గడియారానికి కట్టుబడి ఉండాలి? వదిన డాలస్‌ను పట్టుకుంది. శనివారం పొద్దున ఆరున్నరకు పడినా మనవాళ్లు లేచాకే చూస్తారు, పోయేదేమీ లేదు. డాలస్‌లో ఎనిమిది దాటితేనే నష్టం. కాబట్టి వాళ్ల చలికాలంలో మనకు ఏడున్నర, ఎండాకాలంలో ఆరున్నర.

ఆ మార్పును యాప్ తనంతట తాను చేసుకోవాలంటే సెట్టింగుల్లో `GMT-6` అని కాక `America/Chicago` అని ఎంచుకోవాలి. డాలస్ గడియారం షికాగోతోనే నడుస్తుంది. ఊరి పేరు వెంట అక్కడి గడియారం ఎప్పుడు జరుగుతుందన్న నియమం కూడా వస్తుంది. అంకె ఏడాదంతా అక్కడే నిలబడి ఉంటుంది. అనుమానముంటే మార్చి మార్పుకు ముందు వారానికొకటి, తరవాతి వారానికొకటి ఉత్తుత్తి పోస్టులు డాలస్ ఎనిమిదికి పెట్టి, మన టైములో ఎప్పుడు చూపిస్తోందో చూడండి. ఒకటి ఏడున్నర, ఇంకొకటి ఆరున్నర అంటే పని జరుగుతోందన్నమాట. రెండూ ఏడున్నరే అంటే మార్చిలో మీరే చేత్తో దిద్దుకోవాలి.

లండన్ వాళ్లకి వేరే పోస్టు పెట్టక తప్పలేదు, అక్కడ అది అర్ధరాత్రి దాటాక పడేది మరి. శుక్రవారం సాయంత్రం ఏడు అనుకుంది వదిన. చలికాలంలో అది మనకు రాత్రి పన్నెండున్నర. ఆవిడ యాప్‌లో శుక్రవారం 12:30 AM అని కొట్టింది. లండన్‌లో అది గురువారం సాయంత్రమే పడింది! మన క్యాలెండర్లో శనివారం అని కొట్టాలి. మార్చి ఆఖర్న లండన్ జరిగాక అదే పోస్టు మనకు రాత్రి పదకొండున్నర, అప్పుడు తేదీ మళ్లీ శుక్రవారమే. గంట కన్నా తేదీ దగ్గరే ఎక్కువమంది జారతారని నా లెక్క.

పండగ పోస్టులకు ఇదీ చాలదు. 2025 ఉగాది మనకు మార్చి 30, ఆదివారం. వదిన శుభాకాంక్షలు పొద్దున ఆరింటికి పెట్టింది. డాలస్‌లో శనివారం రాత్రి ఏడున్నరకు పడ్డాయి. ముందురోజే వెళ్లాయని నేను నవ్వాను. నాకూ తెలియలేదు. అమావాస్య వెళ్లింది మన లెక్కన 29 సాయంత్రం దాదాపు నాలుగున్నరకు. డాలస్‌లో అది 29 తెల్లవారుజామున ఆరు. అక్కడ సూర్యోదయం ఏడుంబావు ప్రాంతంలో, అప్పటికే పాడ్యమి వచ్చేసింది. ఆ ఊరి సూర్యోదయంతో కట్టిన పంచాంగం ప్రకారం ఉగాది శనివారమే. వదిన శుభాకాంక్షలు చేరేసరికి ఆ లెక్క పాటించినవాళ్లు పచ్చడి గిన్నె కూడా కడిగేసుకుని ఉంటారు.