మైనస్ ఒకటికి పది బైట్లు

యాప్‌లో రెండు పాల ప్యాకెట్లు ఆర్డర్ పెడితే ఆ 2 అనే సంఖ్య సర్వర్‌కు చేరాలి. 64 బిట్ల పద్ధతిలో ప్రతి పూర్ణసంఖ్యకూ ఎనిమిది బైట్లు పడతాయి. 2 పంపితే అందులో ఏడు బైట్లు ఉత్త సున్నాలే. అలాగని చోటు తగ్గిస్తే, ఒక సంఖ్య ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో అందుకునేవాడికి తెలియాలి కదా!

గూగుల్ 2008లో అందరికీ విడుదల చేసిన ప్రొటోకాల్ బఫర్స్‌లో దీనికి వాడే పద్ధతి వేరింట్. బైట్‌లోని ఎనిమిది బిట్లలో ఏడే సంఖ్యకు, పై బిట్ గుర్తుకు. ఏడు బిట్లలో 127 వరకు పడుతుంది. గుర్తు బిట్ విలువ 128. కాబట్టి బైట్ విలువ 128 లేదా అంతకంటే ఎక్కువైతే ఇంకా ఉందని, తక్కువైతే సంఖ్య అక్కడితో అయిపోయిందని అర్థం.

300 సంగతి చూద్దాం. దాన్ని 128తో భాగిస్తే భాగఫలం 2, శేషం 44. ముందు శేషమే వెళ్తుంది. వెనక ఇంకో బైట్ ఉంది కనుక 44కు 128 కలిపి 172 రాస్తాం. తర్వాత 2, అదే చివరిది. హెక్సాలో ఇలా కనిపిస్తుంది:

```
AC 02
```

చదివేటప్పుడు 172లోంచి 128 తీసేస్తే 44. తర్వాతి 2ను 128తో గుణిస్తే 256. రెండూ కలిపితే 300. కొత్తగా డీకోడర్ రాసేవాళ్లకు 300 బదులు 428 వచ్చిందంటే, గుర్తు బిట్ తీసేయకుండానే కూడేశారన్నమాట.

రుణసంఖ్యల దగ్గర మాత్రం ఈ పద్ధతి బోల్తా కొడుతుంది. కంప్యూటర్ లోపల -1 అంటే 64 బిట్లూ ఒకట్లే. ఏడేసి చొప్పున విడగొడితే పది బైట్లవుతాయి! పొదుపు కోసం వచ్చినదే మామూలు కంటే రెండు బైట్లు ఎక్కువ తింటుంది. ఉష్ణోగ్రతల వంటివి పంపేవాళ్లు `int32` బదులు `sint32` ఎంచుకోవాల్సింది ఇందుకే. అది జిగ్‌జాగ్ అనే చక్కని ఉపాయం వాడుతుంది: 0ను 0గా, -1ను 1గా, 1ని 2గా, -2ను 3గా మార్చి ఆ తర్వాతే వేరింట్ చేస్తుంది. అప్పుడు -1కి ఒక్క బైటే చాలు.

పెద్ద సంఖ్యలకూ ఇది లాభం కాదు. నాలుగు బైట్ల వేరింట్‌లో సంఖ్యకు మిగిలేవి 28 బిట్లే. విలువలు తరచూ 27 కోట్లు దాటేచోట ఐదో బైట్ అవసరం. అక్కడ ఎప్పుడూ నాలుగే తీసుకునే `fixed32` నయం.

డీకోడర్‌లో ఒక హద్దు తప్పక పెట్టాలి. పదో బైట్‌లోనూ గుర్తు బిట్ కనిపిస్తే అది చెడిపోయిన సందేశమో, ఎవరో కావాలని పంపినదో. అక్కడే ఆపి లోపం చూపాలి. గుర్తు బిట్ ఉన్న బైట్‌తోనే సందేశం అయిపోతే మధ్యలో తెగిందని లెక్క. అప్పటిదాకా కూడిన మొత్తాన్ని సంఖ్యగా వాడకూడదు.